"ఉమ్" మీదా, "లా" మీదా? జర్మన్ ఊనికపై నా ఐదు వారాల ప్రాజెక్టు డైరీ

రోజు 1

నేను జర్మనీలో ఒక ఆసుపత్రి వార్డులో నర్సుగా పనిచేస్తున్నాను. జర్మన్ భాష బీ2 స్థాయి పరీక్ష పాసయ్యాను, వ్యాకరణం బాగానే వచ్చు. అయినా నిన్న రాత్రి డ్యూటీ మారేటప్పుడు ఒక్క మాట దగ్గర ఆగిపోయాను. మంచం మీద తనంతట తాను కదల్లేని ఒక పేషెంట్‌ను మూడు గంటలకు ఇంకో పక్కకి తిప్పి పడుకోబెట్టాను. దీనికి వార్డులో వాడే క్రియ ఉమ్‌లాగెర్న్. "ఆమెను తిప్పి పడుకోబెట్టాను" అని చెప్పబోయి "ఇష్ హాబె జీ ఉమ్‌లాగెర్ట్" అన్నాను. ఎదురుగా ఉన్న సీనియర్ నర్సు రాయడం ఆపి నా వైపు చూసింది. మళ్లీ అదే మాట ఇంకా గట్టిగా చెప్పాను. చేత్తో చూపిస్తే గానీ అర్థం కాలేదు.

ఇంటికొచ్చి నిఘంటువు తీశాను. ఉమ్‌లాగెర్న్ అనే స్పెల్లింగుతో రెండు క్రియలున్నాయి. బలం ఉమ్ మీద పడితే ఒక చోటి నుంచి ఇంకో చోటికి మార్చి ఉంచడం. బలం లా మీద పడితే గుంపుగా చుట్టుముట్టడం. విలేకరులు మంత్రిని చుట్టుముట్టినప్పుడు వాడే మాట అది. నేను పేషెంట్‌ను చుట్టుముట్టానని చెప్పాను.

ఇంతకాలం దీన్ని యాస సమస్య అనుకుని పక్కన పెట్టాను. ఇది యాస కాదు, మాటే మారిపోయింది. ఐదు వారాలు దీని మీదే కూర్చోవాలని నిర్ణయించుకున్నాను. మాటలో ఒక అక్షరం మీద పడే ఈ బలాన్నే ఊనిక అంటారు.

రోజు 3

ముందు కారణం వెతుక్కోవాలి. లా మీద ఎందుకు ఒత్తాను?

తెలుగులో మాటకు అర్థం తెచ్చేది దీర్ఘం, ఒత్తు. గద వేరు, గద్ద వేరు. కలం వేరు, కాలం వేరు. కానీ ఏ అక్షరాన్ని గట్టిగా పలికామన్న దాన్ని బట్టి మాట అర్థం మారదు. కాబట్టి మన చెవి దీర్ఘాన్ని వెంటనే పట్టుకుంటుంది, ఊనికను పట్టించుకోదు. ఈ మాటలో ఉమ్‌లో అచ్చు పొట్టిది, లాలో అచ్చు పొడుగుది. నా నోరు పొడుగున్న చోటే బరువు వేసింది.

ఛందస్సు లెక్కలో చూద్దామని కాగితం మీద గురులఘువులు వేశాను. ఉమ్ గురువే, ఎందుకంటే తర్వాత ఇంకో హల్లు ఉంది. లా కూడా గురువే. స్కూల్లో నేర్చుకున్న ఆ కొలమానం ఈ రెండింటికీ తేడా చూపించలేదు. ఇంకేదో కొలవాలి.

రోజు 4

`Praat` దించుకున్నాను. ఆమ్‌స్టర్‌డామ్ విశ్వవిద్యాలయానికి చెందిన పాల్ బోర్స్మా, డేవిడ్ వేనింక్ తయారుచేసిన ఉచిత సాఫ్ట్‌వేర్ ఇది. రికార్డింగు తెరిచి `View & Edit` నొక్కితే మాట అల, దాని కింద పిచ్ నీలం గీతగా కనిపిస్తాయి. ఆడవాళ్ల గొంతుకు పిచ్ పరిధి 100 నుంచి 500 హెర్ట్జ్ పెడితే సరిపోతుంది. ఒక్కో ఫైలుకు రెండు వరుసల స్క్రిప్టు చాలు:

```
Read from file: "umlagern_03.wav"
To Pitch: 0, 100, 500
```

రికార్డింగులు నావి, మా వార్డులోనే పనిచేసే ఒక జర్మన్ సహోద్యోగివి. పని అయిపోయాక వాళ్లింట్లో కూర్చుని ఆమె నాకోసం ముప్ఫై వాక్యాలు చదివింది. పేషెంట్ల గొంతు ఒక్కటీ రికార్డు చేయలేదు, చేయను కూడా.

రోజు 6

మొదటి కొలత. ఇద్దరం "ఉమ్‌లాగెర్న్" అని విడిగా పలికాం.

ఆమె ఉమ్ 180 మిల్లీసెకన్లు, లా 230. ఊనిక ఉమ్ మీదే ఉన్నా, లాయే పొడుగ్గా ఉంది! నా చెవి మోసపోయింది ఇక్కడే. పొడుగును చూసి ఊనిక లా మీద ఉందనుకున్నాను. పిచ్ చూస్తే సంగతి వేరు. ఆమె గొంతు ఉమ్ దగ్గర 250 హెర్ట్జ్‌కి లేచి, లా వచ్చేసరికి 190కి దిగిపోయింది.

హెర్ట్జ్‌లో తేడా తీసి ఇద్దరు మనుషులను పోల్చకూడదు. ఆమె గొంతు, నా గొంతు వేర్వేరు ఎత్తుల్లో ఉంటాయి. సంగీతంలో లాగా నిష్పత్తి చూడాలి, అంటే సెమీటోన్లలో లెక్కించాలి:

```
12 * log2(250 / 190) = 4.75
```

దాదాపు ఐదు సెమీటోన్లు. హార్మోనియం మీద నలుపు తెలుపు మెట్లన్నీ కలిపి లెక్కబెడితే ఐదు మెట్లు దిగినట్టు. నా రికార్డింగులో ఉమ్ దగ్గర 205, లా దగ్గర 240. దిగాల్సింది పోయి మూడు మెట్ల దాకా ఎక్కాను.

దీన్నుంచి ఒక జాగ్రత్త కూడా తెలిసింది. ఊనికను ఉమ్ మీదకి తేవాలని లాను ల అని కుదించకూడదు. ఊనిక పోయినా ఆ ధాతువులోని అచ్చు తన పొడుగు, తన స్పష్టత నిలుపుకుంటుంది. నలిగిపోయేది చివరి గెర్న్ మాత్రమే. మనం దాన్ని కూడా మిగతా వాటిలాగే నిండుగా పలుకుతాం, అందుకే మన జర్మన్‌లో అన్ని అక్షరాలూ ఒకే ఎత్తులో నిలబడ్డట్టు వినిపిస్తుంది.

రోజు 9

ఇవాళ చాలా సంతోషంగా ఉంది. మూడేళ్లుగా విడివిడిగా బట్టీ పట్టిన రెండు విషయాలు ఒకటేనని తెలిసింది.

ఆ రాత్రి నేను చేసిన తప్పు ఊనికలో మాత్రమే కాదు. తిప్పి పడుకోబెట్టాను అనడానికి కావలసిన రూపం ఉమ్‌గెలాగెర్ట్. భూతకాల రూపానికి గుర్తైన గె మధ్యలో ఉండాలి. నేను గె వదిలేశాను. ఎందుకు వదిలేశాను? లా మీద ఒత్తి మొదలుపెట్టాను కాబట్టి. ఉమ్‌లాగెర్న్ అనే చుట్టుముట్టే క్రియకు గె రాదు, దాని రూపం ఉమ్‌లాగెర్ట్. ఊనిక తప్పగానే వ్యాకరణం కూడా దాని వెనకే వెళ్లిపోయింది.

క్లాసులో మాకు మూడు వేర్వేరు నియమాలు చెప్పారు. విడిపోయే క్రియల్లో, అంటే ఉపసర్గ విడిపడి వాక్యం చివరికి పోయే క్రియల్లో, గె ఉపసర్గ తర్వాత వస్తుంది. బె, ఫెర్, ఎంట్, ఎర్, త్సెర్ లాంటి విడిపోని ఉపసర్గలుంటే గె రాదు. ఈరెన్‌తో ముగిసే క్రియలకు గె రాదు. నిజానికి ఈ మూడింటి వెనక ఉన్నది ఒక్కటే: గె తన వెంటనే ఊనిక ఉన్న అక్షరం వస్తేనే నిలబడుతుంది. మఖెన్‌లో మ మీద ఊనిక, కాబట్టి గెమఖ్ట్. ఫెర్‌ష్టేఎన్‌లో ఫెర్ మీద ఊనిక లేదు, దాని ముందు గె పెట్టలేం, కాబట్టి ఫెర్‌ష్టన్డెన్. ష్టుడీరెన్‌లో మొదటి అక్షరం మీద ఊనిక లేదు, కాబట్టి ష్టుడీర్ట్. తిప్పి పడుకోబెట్టే ఉమ్‌లాగెర్న్‌లో ఉపసర్గ విడిపోయే రకం, దాన్ని పక్కన పెట్టి చూస్తే ధాతువు లాతో మొదలవుతుంది, కాబట్టి గె లాకు ముందు చేరుతుంది.

ఇప్పటి పాఠ్యపుస్తకాల్లో ఇదే పనికి పొజిత్సియొనీరెన్ అనే మాట కూడా వాడుతున్నారు. దానికి గె రాదు, పొజిత్సియొనీర్ట్ అంతే. ఊనిక ఎక్కడో చెవికి తెలిస్తే, గె సంగతి పుస్తకం చూడకుండానే తెలుస్తుంది. నా నోట్సులో ఇప్పుడు ప్రతి కొత్త క్రియకూ ముందు ఊనిక గుర్తు పెడుతున్నాను, ఆ తర్వాతే భూతకాల రూపం రాస్తున్నాను.

రోజు 11

హైదరాబాద్‌లో బీ1 చదువుతున్న చెల్లెలి వరస అమ్మాయి ఫోన్ చేసింది. ఉపసర్గల లిస్టు చెప్పి, ఇవన్నీ ఎలా గుర్తు పెట్టుకోవాలక్కా అని అడిగింది.

"ఔఫ్, ఔస్, అన్, అబ్, ఐన్, మిట్ ఉన్నాయి చూడు, అవి ఎప్పుడూ బరువు మోస్తాయి, విడిపోతాయి. బె, ఫెర్, ఎర్ ఎప్పుడూ మోయవు, విడిపోవు. ఇబ్బంది పెట్టేవి మధ్యలో ఉన్నాయి. ఉమ్, ఊబెర్, ఉంటెర్, డుర్ష్. అవి రెండు రకాలుగానూ ఉంటాయి," అన్నాను.

"మరి చూసి ఎలా చెప్పాలి?"

"రాత చూసి చెప్పలేవు. వినాలి."

నమ్మలేదు. రెండు రికార్డింగులు పంపాను. ఉమ్‌ఫారెన్‌లో ఊనిక ఉమ్ మీద పడితే బండితో గుద్ది పడగొట్టడం, ఫా మీద పడితే తగలకుండా చుట్టూ తిరిగి వెళ్లడం. పది నిమిషాలకు మెసేజ్ పెట్టింది: "అక్కా, రెండూ ఒకేలా ఉన్నాయి." నాలుగోసారి వింటే తేడా తెలిసిందట. ఏది పొడుగో వినొద్దు, పాట విన్నట్టు వినమని చెప్పాను. ఎక్కడ స్వరం పైకి లేచి దిగుతుందో అదే చోటు.

రోజు 14

మా డ్యూటీ మార్పిడికి జర్మన్‌లో పేరు ఊబెర్‌గాబె. ఇంతకాలం దీన్ని గా మీద ఒత్తి పలుకుతూ వచ్చాను, ఎందుకంటే క్రియ ఊబెర్‌గేబెన్, అప్పగించడం. క్రియ ఇది విడిపోని రకం, ఊనిక గే మీద. అదే నామవాచకం అయ్యేసరికి ఊనిక మొదటి అక్షరం ఊ మీదకి జరిగింది. ఉంటెర్‌రిష్టెన్ అంటే బోధించడం, ఉన్టెర్‌రిష్ట్ అంటే క్లాసు. అదే తీరు. అయితే చివర ఉంగ్ చేరిన నామవాచకాలు క్రియ ఊనికనే అట్టిపెట్టుకుంటాయి: ఊబెర్‌జెత్సెన్ అంటే అనువదించడం, ఊబెర్‌జెత్సుంగ్ అంటే అనువాదం. వార్డు కాబట్టి ఇంకో మాట కూడా రాసుకున్నాను. ఊబెర్‌గేబెన్‌కు ముందు జిష్ చేరితే వాంతి చేసుకోవడం అని అర్థం.

రోజు 16

సమాసాలు. వీటి మీద రెండు రోజులకంటే ఎక్కువ పెట్టలేదు, ఎందుకంటే చాలా వరకు ఒకటే దారి: ఊనిక మొదటి పదం మీద.

బ్లూట్‌డ్రుక్ అంటే రక్తపోటు. బీపీ మిషన్ బ్లూట్‌డ్రుక్‌మెస్‌గెరేట్, ఎంత పొడుగైనా శిఖరం బ్లూట్ మీదే. నాకు కష్టం అయ్యింది ఎక్కడంటే, సమాసంలో ముఖ్యమైన పదం చివరిదే. గెరేట్ నపుంసకం కాబట్టి మొత్తం సమాసం దస్. తత్పురుషంలో లాగా చివరి పదమే ప్రధానం కదా అని దాన్నే గట్టిగా పలికేదాన్ని. జర్మన్‌లో ఆ పని రెండుగా పంచుకున్నారు. లింగం చివరి పదం ఇస్తుంది, ఊనిక మొదటి పదం తీసుకుంటుంది. ఇద్దరికీ చెరో పని.

దారి తప్పేవి కొన్ని ఉన్నాయి, వాటిని విడిగా నేర్చుకోవాల్సిందే. శతాబ్దం యార్‌హున్డెర్ట్, ఊనిక హున్ మీద. ఊళ్లలో జార్‌బ్ర్యుకెన్‌కి బ్ర్యు మీద, బ్రెమెర్‌హాఫెన్‌కి హా మీద. రెండు సమానమైన పేర్లు కలిసినప్పుడు బరువు రెండో పేరుకి పోతుంది: బాడెన్-వ్యుర్టెంబెర్గ్‌లో వ్యుర్ మీద.

వార్డులో రోజూ వినే మాట ఒకటి ఇక్కడే రాస్తున్నాను. బ్లూట్‌ఆర్మ్ అంటే రక్తహీనత ఉన్న మనిషి. అదే మాటలో ఆర్మ్‌ను కూడా బ్లూట్ అంత బరువుతో పలికితే కటిక పేద అని అర్థం. రెండో అర్థంలో బ్లూట్ "చాలా" అన్న పని మాత్రమే చేస్తుంది. రిపోర్టు చదివేటప్పుడు ఇది తప్పకుండా జాగ్రత్తగా పలుకుతున్నాను.

రోజు 20

విడి మాటల్లో ఉపసర్గ మీద ఊనిక ఇప్పుడు పక్కాగా పడుతోంది. అందుకని వాక్యాల్లోకి వెళ్లాను. ఇరవై వాక్యాలు రికార్డు చేశాను, అన్నిట్లో ఉపసర్గను బాగా పైకి ఎత్తి పలికాను. నా సహోద్యోగి విని, సగం బాగున్నాయి, సగం ఎవరితోనో వాదిస్తున్నట్టు ఉన్నాయంది.

ఏ సగమో విడదీశాను. రెండు వాక్యాలు పక్కపక్కన పెట్టాక అర్థమైంది:

ఇష్ మఖె ఎస్ ఔఫ్. (దాన్ని తెరుస్తాను.)

ఇష్ మఖె దస్ ఫెన్‌స్టర్ ఔఫ్. (కిటికీ తెరుస్తాను.)

క్రియ ఒకటే, ఔఫ్‌మఖెన్. మొదటి వాక్యంలో తెరిచేది "ఎస్", వట్టి సర్వనామం. అది బరువు మోయదు, కాబట్టి శిఖరం చివర ఉన్న ఔఫ్ మీద. రెండో దానిలో కొత్తగా వచ్చిన నామవాచకం ఉంది. శిఖరాన్ని ఫెన్ తీసేసుకుంది, ఔఫ్ ఆ దిగే వాలులో కింద ఉండిపోయింది. నేను రెండో వాక్యంలో కూడా ఔఫ్‌ను ఎత్తాను. అప్పుడది "మూయడం కాదు, తెరుస్తున్నాను" అన్నట్టు వినిపిస్తుంది. వాదన వినిపించింది అందుకే.

అంటే మాటలోని ఊనిక వేరు, వాక్యం శిఖరం వేరు. మాటలోని ఊనిక, వాక్యం శిఖరం ఆ మాట మీదకి వస్తే ఏ అక్షరం మీద దిగాలో చెబుతుంది. శిఖరం అసలు ఆ మాట మీదకి వస్తుందా లేదా అన్నది ఆ వాక్యంలో కొత్త విషయం ఏదన్న దాన్ని బట్టి ఉంటుంది.

నా పాత వాక్యానికి తిరిగి వచ్చాను. "ఇష్ హాబె డీ పాత్సిఎన్టిన్ ఉమ్‌గెలాగెర్ట్" అంటే పేషెంట్ గురించి ఇప్పుడే మొదలుపెడుతున్నాను. డ్యూటీ మార్పిడిలో ఆమె సంగతి అప్పటికే నడుస్తోంది, కాబట్టి ఆమె "జీ" అయిపోయింది, శిఖరం తిరిగి ఉమ్ మీదకి రావాలి: "ఇష్ హాబె జీ ఉమ్‌గెలాగెర్ట్." ఆ రాత్రి వాక్యం మొత్తం నిలబడాల్సింది సరిగ్గా నేను ఒత్తకుండా వదిలేసిన అక్షరం మీద. సీనియర్ నర్సుకు అందుకే అర్థం కాలేదు.

రోజు 23

ఒక సాంకేతిక ఇబ్బంది. నా వాక్యాల చివర పిచ్ గీత ఉన్నట్టుండి 220 నుంచి 110కి పడిపోతోంది. నిజంగా అంత దిగానా అని కంగారుపడ్డాను. సరిగ్గా సగానికి దూకితే అనుమానించాలి. వాక్యం ముగిసే చోట గొంతు గరగరలాడుతుంది, అప్పుడు సాఫ్ట్‌వేర్ రెండు కంపనాలను ఒకటిగా లెక్కేస్తుంది. ఆ ముక్క వదిలేసి అంతకు ముందు వరకే కొలుస్తున్నాను. ఫ్, ష్, ట్ లాంటి, గొంతు కంపించని హల్లుల దగ్గర గీత తెగిపోతుంది, వాటి అంచున ఒక చిన్న కొక్కెంలాగా వంగుతుంది. అదీ లెక్కలోకి రాదు. అచ్చు మధ్యలో కొలవాలి.

రోజు 27

ప్రశ్నలు. ఇక్కడ నా కొలమానమే తప్పని తేలింది.

నొప్పిగా ఉందా అని అడగడానికి వేటూన్ అనే క్రియ. అది కూడా విడిపోయేదే, వే ఉపసర్గలాగా చివరికి పోతుంది. "వో టూట్ ఎస్ వే?" ఎక్కడ నొప్పి? ఏది, ఎక్కడ, ఎప్పుడు అని ప్రశ్న పదంతో మొదలయ్యే ప్రశ్న మామూలు వాక్యంలాగే చివరకి దిగుతుంది. వే దగ్గర లేచి, ఆ వేలోనే కిందికి జారింది. బాగుంది. అలాంటి ప్రశ్నను చివర పైకి తీసుకెళ్లినా తప్పు కాదు, ఆప్యాయంగా అడిగినట్టు ఉంటుంది. పెద్దవాళ్లైన పేషెంట్ల దగ్గర మా వాళ్లు అలాగే అడగడం విన్నాను.

తర్వాత "టూట్ డేర్ ర్యుకెన్ వే?" వీపు నొప్పిగా ఉందా? ఇది అవును కాదు ప్రశ్న. సహోద్యోగి రికార్డింగులో ర్యు దగ్గర 185, చివరి వే దగ్గర 310. నా లెక్క ప్రకారం ఎత్తు ఎక్కడుంటే ఊనిక అక్కడ, అంటే వే మీద. కానీ ఆమెను అడిగితే సందేహం లేకుండా ర్యుకెన్ అంది. నామవాచకం శిఖరం తీసుకుంటుందన్న నియమం కూడా అదే చెబుతోంది.

రెండు రోజులు దీని మీదే ఉన్నాను. ఇక్కడ రెండు వేర్వేరు పనులు జరుగుతున్నాయి. ఊనిక ఉన్న అక్షరం దగ్గర స్వరం మలుపు తిరుగుతుంది. ఆ మలుపు పైకే ఉండాలని లేదు, లోయ కూడా కావచ్చు. ప్రశ్నలో ర్యు దగ్గర స్వరం కిందికి దిగి, అక్కడి నుంచి ఎక్కడం మొదలుపెట్టింది. వే దగ్గరి 310 వాక్యం చివరి ఎత్తు, "నువ్వు జవాబు చెప్పాలి" అని అడిగే ఎత్తు. అది వే ఊనిక కాదు. వాక్యం అక్కడ ముగిసింది కాబట్టి ఆ ఎత్తు అక్కడ ఉంది, అంతే.

కొలత పద్ధతి మార్చాను. అన్నిటికంటే ఎత్తైన చోటు వెతకడం మానేశాను. గీత ఎక్కడ దిశ మార్చుకుంటుందో ఆ చోటు గుర్తు పెట్టి, ఆ అక్షరం మిగతా వాటికంటే సాగిందా అని చూస్తున్నాను. ర్యు చిన్న అచ్చే అయినా ఆమె దాన్ని సాగదీసింది, వే మీద అంత బలం పెట్టలేదు.

మన తెలుగులో ప్రశ్నకు చివర "ఆ" చేరుతుంది, నొప్పిగా ఉందా, ఆ "ఆ" మీదే స్వరం ఎక్కుతుంది. ఆ అలవాటుతోనే నేను వేను దీర్ఘంగా సాగదీసి గట్టిగా పలుకుతున్నాను. ఎక్కడం చివరే జరగాలి, కానీ ఎక్కడం మొదలవ్వాల్సింది ర్యు దగ్గర. నా రికార్డింగులో ర్యుకెన్ మొత్తం చదునుగా ఉండి వే దగ్గర ఒక్కసారిగా గోడలా లేచింది. వీపు అడుగుతున్నానా, నడుము అడుగుతున్నానా అన్నది అందులో వినపడదు.

దీనికి సాధన ఇలా చేస్తున్నాను. ముందు "ర్యుకెన్?" అని ఒక్క మాటే ప్రశ్నగా పలకడం. అదే రాగం వదలకుండా ముందు "టూట్ డేర్" చేర్చడం. చివరికి ఎక్కుతూ ఉన్న స్వరం మీదే వేను తేలిగ్గా ఎక్కించడం. రోజూ పది సార్లు, ట్రామ్ కోసం నడిచే దారిలో.

రోజు 33

కొత్త నలభై వాక్యాలు, ముందు చూడనివి. సహోద్యోగి కళ్లు మూసుకుని విని, వింతగా అనిపించిన చోట చెయ్యి ఎత్తింది. తొమ్మిది సార్లు ఎత్తింది.

ఆ తొమ్మిదిలో సమాసాలు ఒక్కటీ లేవు. గె రూపాల్లో తప్పు లేదు. ఒకటి ఊబెర్‌తో వచ్చే క్రియ, నేను ఇంతకు ముందు వినలేదు. మిగతా ఎనిమిదీ నామవాచకం పక్కనున్న ఉపసర్గను అవసరం లేకుండా ఎత్తినవే, వాటిలో ఐదు ప్రశ్నలు. ఉపసర్గ మీద బలం పెట్టాలని నాలుగు వారాలు నోటికి నేర్పాను, ఇప్పుడు ఎప్పుడు వదిలేయాలో నేర్పాలి.

రోజు 35

రాత్రి డ్యూటీ. అదే వార్డు, ఈసారి వేరే పేషెంట్. పొద్దున ఆరింటికి ఊబెర్‌గాబె. "ఇష్ హాబె జీ ఉమ్ డ్రై ఉమ్‌గెలాగెర్ట్," అన్నాను. మూడింటికి అన్న మాటలో ఉన్న ఉమ్ వేరు, అది తేలిగ్గా పోవాలి. రెండో ఉమ్ నిలబడాలి. అదే సీనియర్ నర్సు తల ఎత్తకుండా టైము రాసుకుని, తర్వాతి మంచం నంబరు అడిగింది.

రేపటి రికార్డింగుకు ఇరవై ప్రశ్నలు రాసి పెట్టుకున్నాను, అన్నిట్లోనూ చివర ఉపసర్గ, దానికి ముందు నామవాచకం.